పటిక పెంచితే పసుపు రంగు నిలుస్తుందా? (ఇంట్లో దుపట్టాల అద్దకం)

ప్రశ్న: అక్క పెళ్లిలో హల్దీ ఫంక్షన్‌కి ఇరవై కాటన్ దుపట్టాలు ఇంట్లోనే పసుపుతో అద్దుదామనుకుంటున్నాను. ట్రయల్‌గా ఒకటి చేశా: 200 గ్రాముల మల్ కాటన్, 50 గ్రాముల పసుపు, 20 గ్రాముల పటిక. రంగు బ్రహ్మాండంగా వచ్చింది. బట్టల సబ్బుతో ఉతకగానే ఎర్రబడింది, డాబా మీద రెండు రోజులు ఆరేస్తే సగానికి సగం వెలిసిపోయింది. పటిక ఎక్కువ వేయాలా? కొందరు ఉప్పు అంటున్నారు, కొందరు వెనిగర్ అంటున్నారు. ఫంక్షన్ తర్వాత కూడా అందరూ వాడుకోవాలని నా కోరిక. పసుపు మీద నీలిమందు వేస్తే ఆకుపచ్చ అయినా నిలుస్తుందా? ఉండేది ఉప్పల్, మాకు బోరు నీళ్లే.

జవాబు:

నిలవదండి. పటిక రెట్టింపు చేసినా, ఉప్పు వేసినా, వెనిగర్ పోసినా పసుపు ఎండకు ఆగదు. హల్దీ ఒక్క రోజుకైతే మీరు చేసిన పద్ధతే చాలు, చిన్న సవరణలు చేసుకుంటే సరి. తర్వాత కూడా కట్టుకోవాలంటే మాత్రం అడుగున దానిమ్మ తొక్కల రంగు వేసి, పైన పల్చగా పసుపు పూత వేయండి. ఫంక్షన్ రోజు పసుపు మెరుస్తుంది. అది వెలిసిపోయాక కింద ఉన్న ఆవపిండి రంగు మిగులుతుంది. ఆకుపచ్చ కావాలంటే నీలిమందు ముందు పడాలి, పసుపుపచ్చ తర్వాత పడాలి, ఆ పసుపుపచ్చ కూడా దానిమ్మదే అయితే మేలు.

మీ దుపట్టాకి జరిగినవి రెండు వేర్వేరు సంగతులు. వాటిని కలిపి చూస్తే మందు తప్పుతుంది.

ఎర్రబడటం రంగు పోవడం కాదు. పెళ్లిలో దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి: పసుపు నీళ్లలో సున్నం కలుపుతారు, అంతే. బట్టల సబ్బులో ఉన్న క్షారం మీ దుపట్టా మీద అదే పని చేసింది. లీటరు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి, ఎర్రబడిన బట్టను ఒకసారి ముంచితే కళ్ల ముందే మళ్లీ పసుపు తిరిగి వస్తుంది. అయితే ఎర్రగా ఉన్నంతసేపూ ఆ రంగు కాస్త కాస్త విరిగిపోతూనే ఉంటుంది, కాబట్టి రాత్రంతా సబ్బు నీళ్లలో నానేయకండి. పసుపు బట్టలకి కుంకుడుకాయ రసాన్ని మించింది లేదు. దానిలో క్షారం లేదు, కాస్త పులుపు వైపే ఉంటుంది కాబట్టి రంగు మారదు.

డాబా మీద వెలిసిపోయింది మాత్రం ఇక తిరిగి రాదు. పసుపులో రంగునిచ్చేది కర్కుమిన్. వెలుతురు తగిలితే ఆ అణువే ముక్కలైపోతుంది. ఇక్కడే చాలామంది పొరబడేది: పటికలాంటి మోర్డెంట్ పని రంగును దారానికి కట్టిపడేయడం. పసుపుకి ఆ కట్టు అవసరమే లేదు. పటిక లేకుండానే నూలుకి నేరుగా అంటుకునే కొద్ది సహజ రంగుల్లో అదొకటి, వంటింట్లో చీర కొంగు మీద మరక పడితే తెలుస్తుంది కదా. కట్టు ఎంత గట్టిగా వేసినా, కట్టిన వస్తువే కరిగిపోతుంటే ఏం లాభం? పటికతో ఛాయ కొంచెం తేటపడుతుంది, ఉతుకుడుకు కొద్దిగా ఆగుతుంది. ఎండ విషయంలో తేడా దాదాపు శూన్యం. ఎండకు రంగు ఎంత ఆగుతుందో కొలిచే నీలి ఉన్ని స్కేలు 1 నుంచి 8 వరకు ఉంటుంది. 8 అంటే చాలా గట్టిది. పసుపు ఆ స్కేలులో అట్టడుగున, 1–2 దగ్గర ఉంటుంది.

మైలుతుత్తం వేస్తే కొంచెం ఆగుతుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. కొంచెం ఆగే మాట నిజమే. కానీ ఆ నీళ్లు మోరీలో పోస్తే చెరువుకి విషం, ఒంటికి తగిలే బట్టకి అది నాకు నచ్చదు. అన్నభేది వేస్తే పసుపు కాస్తా బూడిద కలిసిన పాకుడు రంగు అవుతుంది, హల్దీకి అది పనికిరాదు. ఉప్పు రంగును కొద్దిగా బట్ట వైపు నెడుతుందే తప్ప పట్టి ఉంచదు. వెనిగర్ ఛాయను పసుపు వైపు ఉంచుతుంది, అంతవరకే.

నా మాట నమ్మనక్కర్లేదు, ఒక అట్ట ముక్కతో మీరే చూడొచ్చు. వెడల్పాటి మూడు పేలికలు తీసుకోండి: ఒకటి ఉత్త పసుపు, ఒకటి పటికా పసుపూ, ఒకటి కింద చెప్పబోయే దానిమ్మ. మూడిటినీ పక్కపక్కన పరిచి, సగం మీద మందపాటి అట్ట పెట్టి, గాలికి కదలకుండా రాయి పెట్టి, ఎండ బాగా పడే డాబా అంచున వదిలేయండి. రెండు మధ్యాహ్నాలయ్యాక అట్ట తీయండి. మొదటి రెండు పేలికల మీద అట్ట అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. మూడోదాని మీద అది కనిపించడానికి చాలా ఎక్కువ రోజులు పడుతుంది. అది ఎప్పటికీ వెలవదని కాదు, నెమ్మదిగా వెలుస్తుంది. దానిమ్మ రంగు కూడా రోజూ ఎండలో ఆరేస్తే ఏడాదికి ముందటి రంగు ఉండదు.

ఇప్పుడు ఒక్క దుపట్టాకి, అంటే మీ 200 గ్రాములకి, లెక్క చెబుతాను. అద్దకంలో అన్నీ పొడి బట్ట బరువు మీదే తూస్తాం, కాబట్టి మొదట వంటింటి కాటా తెచ్చుకోండి. గుప్పెళ్ల లెక్కతో చేస్తే ఇరవై దుపట్టాలు ఇరవై రంగులవుతాయి.

ముందు గంజి వదలాలి. షాపులో కొన్న మల్ తెల్లగా ఉన్నా లోపల గంజి, నూనె, మైనం ఉంటాయి. ఆరు లీటర్ల నీళ్లలో 4 గ్రాముల బట్టల సోడా (వంటసోడా కాదు), నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ వేసి, బట్టను గంటసేపు సన్నగా మరగనివ్వండి. నీళ్లు లేత టీ రంగుకి తిరుగుతాయి. బాగా జాడించి ఆరేశాక మీద ఒక చుక్క నీరు వేయండి. చుక్క వెంటనే ఇంకిపోతే పని అయినట్టు. ముత్యంలా నిలబడితే మళ్లీ మరిగించాలి. మచ్చలు మచ్చలుగా రంగు పట్టిన బట్టల్లో చాలావాటికి తప్పు ఇక్కడే జరుగుతుంది, రంగు గిన్నెలో కాదు.

తర్వాత కరక్కాయ. ఉన్ని, పట్టు పటికను సులువుగా పట్టుకుంటాయి. నూలు అలా కాదు, దానికి మధ్యలో వగరు కావాలి. మీ ట్రయల్‌లో వేసిన 20 గ్రాముల పటికలో ఎక్కువ భాగం జాడింపు నీళ్లలోనే పోయి ఉంటుంది. గింజ తీసిన కరక్కాయ పొడి 40 గ్రాములు (బేగంబజార్‌లో మూలికలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది) వేడినీళ్లలో కలిపి, పలుచటి గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లలో బట్టను రాత్రంతా నానేయండి. పొద్దున పిండి, జాడించకుండా నీడన ఆరేయండి. బట్ట లేత వెన్న రంగులో కనిపిస్తుంది. కలంకారీ వాళ్లు ఇదే కరక్కాయకి పాలు కూడా కలుపుతారు, అది కలంతో గీసినప్పుడు రంగు పాకకుండా ఉండటానికి. ముంచి అద్దే మీకు పాలు అక్కర్లేదు.

ఈ దశ నుంచి ఇనుము పక్కకి రానివ్వకండి. కరక్కాయ పట్టిన తడి బట్ట తుప్పు పట్టిన తీగ మీద ఆరేస్తే, తీగ తగిలినంత మేరా నల్లటి గీత పడుతుంది, అది ఇక పోదు. పాతకాలం సిరా తయారైందే ఇలా కదా: కరక్కాయ, ఇనుము. స్టీలు గిన్నె, ప్లాస్టిక్ బకెట్, నైలాన్ తాడు వాడండి. మీ బోరు నీళ్లలో ఇనుము ఉంటే బట్ట మొత్తం బూడిద రంగుకి తిరుగుతుంది. ముందే తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి ఓ గంట ఆగండి. నీళ్లు నల్లబడితే ఆ బోరు ఈ పనికి రాదు.

పటిక. 40 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించండి. వేరే గ్లాసులో 5 గ్రాముల బట్టల సోడా కరిగించి, పటిక నీళ్లలో కొంచెం కొంచెంగా పోయండి. బుసబుసమని పొంగుతుంది, కాబట్టి పెద్ద గిన్నె తీసుకోండి. సోడా ఎందుకంటే, పటిక నీళ్లు బాగా పుల్లగా ఉంటాయి. ఆ పులుపు కొంత తగ్గితేనే పటిక నూలు మీద నిలబడుతుంది. నీళ్లు కాస్త మసకగా కనిపిస్తే సరిపోయింది. పెరుగులా తెల్లటి ముద్దలు విరిగితే సోడా ఎక్కువైందని అర్థం. అప్పుడు పటిక బట్టలోకి వెళ్లకుండా గిన్నె అడుగునే కూర్చుంటుంది. గోరువెచ్చటి ఆరు లీటర్లు చేసి, బట్టను పూర్తిగా మునిగేలా రాత్రంతా ఉంచండి. పొద్దున ఒక్కసారి మాత్రం పల్చగా జాడించండి.

దానిమ్మ. ఎండు తొక్కలు 100 గ్రాములు, అంటే బట్టలో సగం బరువు. జ్యూస్ బండి వాళ్లు తొక్కల్ని ఎలాగూ పారేస్తారు, అడిగితే సంచి నింపి ఇస్తారు. పచ్చివి ఎండితే బరువు బాగా తగ్గిపోతుంది కాబట్టి కావాల్సినదానికి మూడు నాలుగు రెట్లు తెచ్చుకుని ఎండబెట్టుకోండి. చిన్న ముక్కలు చేసి రాత్రి నానేసి, పొద్దున ముప్పావు గంట సన్నగా మరిగించి వడకట్టండి. ఆరు లీటర్లు చేసి, తడి బట్టను అందులో వేసి, పొగలు వస్తున్నా తెర్లకుండా ఉండే వేడిలో గంటసేపు కదుపుతూ ఉండండి. పొయ్యి ఆపాక ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. కదపడం మానితే మడతలున్న చోటల్లా చారలు పడతాయి. ఆరేశాక వచ్చేది ఆవపిండి రంగు, కొంచెం మట్టి ఛాయతో ఉంటుంది. హల్దీకి ఇది చాలా పెద్దమనిషి రంగులా ఉందని మీ ఇంట్లో అనొచ్చు. పైన పసుపు పూత అందుకే.

బంతిపూలు వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు. వాడొచ్చు. బతుకమ్మ, దసరా రోజుల్లో గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బుట్టలకొద్దీ దొరుకుతాయి, రంగు కూడా దానిమ్మ కన్నా తేటగా వస్తుంది. కరక్కాయ, పటిక మాత్రం ఇంతే వేయాలి. ఎండకు దానిమ్మంత ఆగదు, పసుపు కన్నా మేలు.

పైన పసుపు పూత. దానిమ్మ వేసిన బట్టని రెండు రోజులు అలా వదిలేసి, కుంకుడు రసంలో ఉతికి, ఆ తర్వాత దీనికి రండి. 20 గ్రాముల పసుపు చాలు, మీరు వేసిన 50 అక్కర్లేదు. రంగు కలిపిన పొడుల బెడద లేకుండా కొమ్ములు కొని దంచుకోండి. పసుపు చల్లటి నీళ్లలో కరగదు, వేడి నీళ్లలోనూ కొద్దిగానే దిగుతుంది. అందుకే అరగంట మరిగించి, రెండు పొరల గుడ్డలో వడకట్టాలి. దీన్ని వదిలేస్తే పొడి నలుసులు నేత సందుల్లో ఇరుక్కుని, మొదటి చూపుకి రంగు చాలా చిక్కగా కనిపిస్తుంది. మొదటి ఉతుకులో ఆ నలుసులు రాలిపోతాయి, మనం రంగు దిగిపోయిందనుకుంటాం. మీ ట్రయల్‌లో పోయిన సగంలో ఈ పొడి వాటా కూడా ఉండి ఉంటుంది. వడకట్టిన నీళ్లలో బట్టను పొగలు వచ్చే వేడిలో అరగంట ఉంచి, జాడించి, నీడన ఆరేయండి.

ఇక్కడ బోరు నీళ్ల గొడవ ఇంకొకటుంది. గట్టి నీళ్లు మామూలుగా నోట్లో వేసుకుంటే తేడా తెలియకపోవచ్చు కానీ, మరిగిస్తే అందులోని బైకార్బొనేట్ విరిగి గిన్నెకి తెల్లగా పొర కడుతుంది, నీళ్లు క్షారం వైపు జరుగుతాయి. ఆ నీళ్లలో పసుపు వేస్తే నిమ్మపచ్చ బదులు నారింజ ఛాయ వస్తుంది. ఒక గ్లాసు బోరు నీళ్లు పది నిమిషాలు మరిగించి చిటికెడు పసుపు వేసి చూడండి, పక్కన జలమండలి నీళ్లు మరిగించిన గ్లాసు పెట్టి పోల్చండి. తేడా కనిపిస్తే కనీసం పసుపు పూతకీ, ఆఖరి జాడింపుకీ జలమండలి నీళ్లు పట్టుకోండి. కుదరకపోతే ఆరు లీటర్లకి రెండు చెంచాల వెనిగర్ కలపండి. అంతకు మించి పోయకండి, పులుపు ఎక్కువైతే కింద కట్టిన పటికను కూడా కదుపుతుంది.

ఇక నీలిమందు. పసుపు మీద నీలి వేయకూడదు. నీలిమందుకి మోర్డెంట్ అక్కర్లేదు కానీ అది నీళ్లలో కరగాలంటే సున్నం తొట్టి కావాలి. సున్నం తొట్టిలో పసుపు బట్ట ముంచితే ఏమవుతుందో ఇప్పటికే మీకు తెలుసు: ఎర్రబడి, చాలావరకు కరిగి తొట్టిలోకే దిగిపోతుంది. పటిక కట్టు కూడా చెడుతుంది. అందుకని గంజి వదిలిన తెల్ల బట్టని మొదట నీలిలో ముంచాలి. ఒక వంతు నీలిమందు, రెండు వంతుల తడిపిన సున్నం, మూడు వంతుల ఫ్రక్టోజ్ చక్కెర అనేది ఇంట్లో తేలిగ్గా కుదిరే లెక్క. పైన రాగి రంగు మీగడ, కింద నీళ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటే తొట్టి తయారైనట్టు. నీళ్లు నీలంగానే ఉంటే ఇంకా కాలేదు. అప్పుడు ముంచితే నీలి దారంలోకి దిగదు, పైపైన పొడిలా కూర్చుంటుంది, తెల్ల రుమాలు తడిపి రుద్దితే రుమాలుకే అంటుతుంది. అయిదు నిమిషాలు ముంచడం, పావుగంట గాలికి ఆరబెట్టడం, ఇలా రెండుసార్లు చేస్తే లేత నీలం వస్తుంది. బాగా ఉతికి, చెంచాడు వెనిగర్ కలిపిన నీళ్లలో సున్నం విరిచి, ఆ తర్వాత పైన చెప్పిన కరక్కాయ, పటిక, దానిమ్మ అదే వరసలో చేయండి. నిండు ఆకుపచ్చ వస్తుంది. చేతులకి గ్లవుజులు తప్పనిసరి. ఇంకొకటి, కిరాణా కొట్టులో తెల్లబట్టలకి పెట్టే నీలం నీలిమందు కాదు, అది తెచ్చి తొట్టి పెడితే ఏమీ జరగదు.

అదే నీలి మీద దానిమ్మ బదులు పసుపు వేస్తే ఆకుపచ్చ మొదటి వారం చూడముచ్చటగా ఉంటుంది, తర్వాత మీకు తెలియకుండానే నీలంగా మారుతుంది. ఎండకు నీలి చాలావరకు ఆగుతుంది, పసుపు ముందు జారుకుంటుంది. మ్యూజియాల్లో ఉన్న మన కోరమాండల్ తీరపు పాత కలంకారీ గుడ్డలు చూడండి. చాలావాటిలో ఆకులు నీలంగా ఉంటాయి. గీసినవాళ్లు నీలం ఆకులు గీయలేదు, నీలి మీద వేసిన పసుపుపచ్చ వెలిసిపోయి అలా మిగిలాయి.

ఇరవై దుపట్టాలకి, అంటే నాలుగు కిలోల బట్టకి, కరక్కాయ పొడి 800 గ్రాములు, పటిక 800 గ్రాములు, దానితో కలిపే సోడా 100 గ్రాములు, ఎండు దానిమ్మ తొక్కలు 2 కిలోలు, పసుపు 400 గ్రాములు పడతాయి. గంజి వదలడానికి సోడా ఇంకో 80 గ్రాములు విడిగా. ఇంట్లో ఉండే పెద్ద గిన్నెలో ఒక్కసారికి నాలుగు దుపట్టాలకి మించి కదలవు. నాలుగింటికి 24 లీటర్లు కావాలి. అయిదు వాయిలకీ విడివిడిగా తొక్కలు ఉడకబెడితే అయిదు ఛాయలొస్తాయి. మొత్తం తొక్కల కషాయం ఒకేసారి తీసి, ఒక డ్రమ్ములో కలిపి, అయిదు సమాన వాటాలు చేసుకోండి. పసుపు నీళ్లకీ ఇదే పద్ధతి. ముంచిన నీళ్లే రెండో వాయికి వాడితే రెండోది పాలిపోతుంది.

దానిమ్మ వరకు పని నెల ముందే ముగించి, బీరువాలో మడత పెట్టేయొచ్చు. పసుపు పూత మాత్రం హల్దీకి రెండు రోజుల ముందు వేయండి. ఆరేది ఇంట్లో ఫ్యాను కింద, కిటికీకి దూరంగా. దుపట్టా కింద తెల్ల జాకెట్టు వేసుకోవద్దని అందరికీ ముందే చెప్పండి, చెమట పడితే భుజాల దగ్గర పసుపు అంటుతుంది. ఫంక్షన్‌లో ముఖానికి పూసే పసుపు ఎలాగూ దుపట్టాల మీద పడుతుంది. ఆ మరకల గురించి దిగులు పడకండి, డాబా మీద రెండు మధ్యాహ్నాలు ఆరేస్తే అవీ పోతాయి.